నాలుగింట మూడు: మూడో తరగతి పిల్లలతో భిన్నాల మీద అయిదు వారాలు

మొదటి రోజు ఆరుగురు పిల్లల్నీ ఒక్కొక్కరిగా పిలిచి మూడు ప్రశ్నలు అడిగాను. మొదటిది సులువు. కాగితం మీద ఒక రొట్టె గీసి అందులో సగం చూపించాలి. అందరూ చూపించారు. రెండోది ఇది: "నీకిష్టమైన దోసె ఒకటుంది. అందులో 1/3 ఇవ్వనా, 1/4 ఇవ్వనా? ఎక్కువొచ్చేది ఎంచుకో." అయిదుగురు 1/4 కావాలన్నారు. ఎందుకని అడిగితే వాళ్ళు చెప్పిన కారణం ఒకటే, "ఫోర్ పెద్దది కదా మిస్." ఆరో బాబు 1/3 అన్నాడు. నాకు సంతోషం వేసి కారణం అడిగితే, "త్రీ నా లక్కీ నంబర్" అన్నాడు. అంటే ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు.

మూడో ప్రశ్నకి ఒక బొమ్మ చూపించాను. దీర్ఘచతురస్రాన్ని నడిమికి ఒక గీతతో రెండు సగాలు చేసి, కుడి సగాన్ని మళ్ళీ రెండు సమాన ముక్కలు చేశాను. ఆ చిన్న ముక్కల్లో ఒకదానికి రంగు వేశాను. మొత్తంలో రంగు వేసింది ఎంత? ఆరుగురూ 1/3 అని రాశారు. కనిపించే ముక్కలు మూడు, రంగున్నది ఒకటి. వాళ్ళ లెక్క అక్కడితో అయిపోయింది. అది 1/4 అని ఒక్కరికీ తట్టలేదు.

వీళ్ళు భిన్నాల పాఠం అప్పటికే అయిపోయిన పిల్లలు. బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నేను లెక్కలు చెబుతాను. మూడో తరగతిలో వెనకబడినట్టు అనిపించిన వాళ్ళని బడి అయ్యాక వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున కూర్చోబెడతాను. ఈసారి వచ్చిన ఆరుగురూ తెలుగిళ్ళ పిల్లలే. కొందరి అమ్మానాన్నలు అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు, కొందరు ఉద్యోగాల కోసం ఈ మధ్యే వచ్చినవాళ్ళు. అందులో ఇద్దరి గురించి ఎక్కువ చెబుతాను. వాళ్ళని బుజ్జి, చిన్నా అని పిలుస్తాను, అసలు పేర్లు అవి కావు.

బుజ్జి నోటుపుస్తకం చూస్తే భిన్నాల పేజీల నిండా టిక్కులే. వాళ్ళమ్మ కూడా అదే అడిగింది. "టెస్టులో అన్నీ రైటే కదా మేడమ్, మళ్ళీ మొదటి నుంచి రొట్టెలు పంచడం ఎందుకండీ?" ఆవిడకి ఆ మూడో బొమ్మ చూపించి, బుజ్జి రాసిన జవాబు చూపించాను. పుస్తకంలో బొమ్మలన్నీ ముందే సమానంగా కోసి ఉంటాయి. పాప చేయాల్సిందల్లా రంగున్నవి లెక్కపెట్టి పైన రాయడం, మొత్తం లెక్కపెట్టి కింద రాయడం. ముక్కలు సమానమా కాదా అని చూసే అవసరమే రాలేదు. ఆవిడ బొమ్మ వంక కాసేపు చూసి, "అవునండీ, కుడివైపువి చిన్నవి కదా" అంది. సరిగ్గా ఆ చూపే పాపకి రావాలి.

వస్తువుతో మొదలుపెట్టి, బొమ్మకి వెళ్ళి, చివరికి అంకెల గుర్తుకి చేరడం అనే పద్ధతి కొత్తదేం కాదు. పిల్లలు ఒక విషయాన్ని చేతలతో, బొమ్మలతో, గుర్తులతో మూడు రకాలుగా మనసులో పెట్టుకుంటారని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పాడు. సింగపూర్ బడుల్లో లెక్కల పాఠాలు 1980ల నుంచీ ఇదే వరసలో నడుస్తున్నాయి. నేనూ చాలా ఏళ్ళుగా ఇదే వాడుతున్నాను. అయితే ఒక వారం వస్తువులు, ఒక వారం బొమ్మలు, ఆ తర్వాత అంకెలు అని మెట్లెక్కినట్టు నడిపేదాన్ని. అది ఎక్కడ కూలిపోతుందో ఈ ఆరుగురితో కళ్ళారా చూశాను. ఈ కేసు రాయడానికి కారణం అదే.

మొదటి రెండు రోజులూ చపాతీలు, రాగి జావ. చపాతీ ఇచ్చి ఇద్దరిద్దరినీ పంచుకోమన్నాను. చిన్నా ఒక్క లాగుడుకి చింపి, "మిస్, పెద్ద సగం నాకు" అన్నాడు. ఈ మాట మనం ఇళ్ళలో రోజూ అంటాం, అందుకే తప్పుగా వినిపించదు. కానీ భిన్నాల పాఠానికి మొదటి అడ్డం అదే. వాడి దృష్టిలో సగం అంటే రెండు ముక్కల్లో ఒక ముక్క. రెండూ ఒకటే కొలతలో ఉండాలన్నది అందులో లేదు. నేను సరిదిద్దలేదు. చిన్న ముక్క వచ్చిన పాప ఊరుకోదని నాకు తెలుసు. "వాడిది పెద్దది, ఇది సగం కాదు" అని ఆ పాపే అంది. అయితే ఎలా చెబుతావు అన్నాను. ఒక ముక్క మీద ఇంకో ముక్క పెట్టి చూపించింది. అక్కడి నుంచి అయిదు వారాలూ మాకు అదే కొలబద్ద. సమానం అన్నవాళ్ళు ముక్క మీద ముక్క పెట్టి చూపించాలి.

రాగి జావ వెనక బెంగళూరు హోటళ్ళ బై టూ కాఫీ ఉంది. ఇక్కడ దర్శినిలో ఇద్దరు కలిసి వెళితే ఒక కాఫీ చెప్పి రెండు కప్పుల్లో తీసుకోవడం మామూలు. "వన్ బై టూ" అంటే చాలు, కౌంటర్‌లో అర్థమైపోతుంది. పిల్లలందరూ అది విన్నవాళ్ళే. అదే మాట వాళ్ళు తరగతిలో 1/2 చూసి చదువుతున్నారు. కానీ ఆ రెండు మాటలూ ఒకటేనని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఒకే కొలత గ్లాసు జావని మొదట రెండు గ్లాసుల్లో, మళ్ళీ అంతే జావని మూడింటిలో, మళ్ళీ నాలుగింటిలో పోశాం. అన్నీ ఒకే రకం గ్లాసులు, కాబట్టి ఎత్తు చూస్తే చాలు. బై టూ, బై త్రీ, బై ఫోర్ అని గ్లాసుల ముందు చీటీలు పెట్టాం. బుజ్జి వంగి గ్లాసుల్ని పక్క నుంచి చూసి, "ఎక్కువ మంది వస్తే నాకు తక్కువొస్తుంది" అంది. కింది అంకె పెరిగితే వంతు తగ్గుతుందన్న మాట వాళ్ళలో ఒకరి నోట రావడం అదే మొదటిసారి.

జావతో అంతకుమించి పోకూడదు. పోసేశాక మొత్తం కనబడదు. 3/4 చూపించాలంటే ముక్క, మొత్తం రెండూ కంటి ముందు ఉండాలి. చపాతీ కూడా అంతే, గుండ్రని దాన్ని మూడు సమాన ముక్కలు చేయడం పెద్దవాళ్ళకే కష్టం. అందుకని మూడో రోజు నుంచి కాగితం పట్టీలకి వచ్చాం.

పట్టీ పొడవు 24 సెంటీమీటర్లు, వెడల్పు 3. ఆ 24కి కారణం ఉంది. రెండు ముక్కలైతే 12, మూడైతే 8, నాలుగైతే 6, ఆరైతే 4 సెంటీమీటర్లు వస్తాయి. ఎక్కడా మిగులు లేదు. మామూలు ఎ4 కాగితం పొడవులో సరిపోతుంది, ఒక కాగితానికి ఏడు పట్టీలు వస్తాయి. కొలిచి కోయడం నా పని, మడవడం పిల్లల పని. స్కేలు వాళ్ళ చేతికి ఇవ్వను. ఇస్తే సెంటీమీటర్ల లెక్కలో పడి భిన్నం మర్చిపోతారు. సగానికి అంచు మీద అంచు పెట్టి మడిచారు. పావుకి దాన్నే మళ్ళీ మడిచారు. మూడు భాగాలకి ఒక చిట్కా కావాలి. పట్టీని ముందు మడవకుండా వదులుగా పాము మెలికలా మూడు పొరలు చేసి, రెండు కొసలూ మడతల దగ్గరికి సరిపోయేదాకా అటూ ఇటూ జరిపి, అప్పుడు నొక్కాలి. నొక్కేశాక సరిచేయడం కుదరదు. దానికి ఒక రోజు పూర్తిగా పట్టింది, అయినా తొందరపెట్టలేదు. మూడు సమానంగా వచ్చేదాకా కొసల్ని జరిపే ఆ పనిలోనే సమానం అన్న మాటకి వాళ్ళ వేళ్ళకి అర్థం తెలిసింది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. చూడ్డానికి బాగుంటుందని సగాలకి పసుపు, పావులకి ఎరుపు, మూడో వంతులకి ఆకుపచ్చ కాగితం వాడాను. రెండో వారం మొదట్లో పసుపు ముక్క ఒకటి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు మన మొత్తం ఇదే అనుకుందాం. ఎరుపు ముక్క ఇందులో ఎంత?" అని అడిగాను. పసుపు 12 సెంటీమీటర్లు, ఎరుపు 6. కాబట్టి సగం. చిన్నా ఒప్పుకోలేదు. "ఎరుపు పావు మిస్. ఎప్పుడూ పావే." మిగతా వాళ్ళూ వాడి పక్షమే. ఎరుపు అన్న రంగుకి పావు అని పేరు పెట్టేసుకున్నారు. పావు అనేది దేంట్లోనో పావు అన్న సంగతి రంగు వెనక దాక్కుంది. ఆ సాయంత్రమే అన్నీ తెల్ల కాగితంతో మళ్ళీ కోశాను. అంగడిలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ భిన్నం ముక్కలకీ ఇదే ఇబ్బంది. వాటి మీద 1/4 అని అచ్చు కూడా వేసి ఉంటుంది, అది ఇంకా చెడ్డది. ఆ అచ్చు ఉన్నంతకాలం పిల్లలు ముక్కని చూడరు, అచ్చునే చదువుతారు.

తెల్ల పట్టీలు వచ్చాక ప్రతిసారీ ఒక ప్రశ్న తప్పనిసరి చేశాను. ఎవరు "సగం" అన్నా పక్కవాళ్ళు "దేంట్లో?" అని అడగాలి. మొదట నేనే అడిగేదాన్ని, రెండు మూడు రోజులకి వాళ్ళే ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. పెద్ద పట్టీలో పావు, దానిలో సగం పొడవున్న చిన్న పట్టీలో సగం, రెండూ పక్కపక్కన పెడితే ఒకటే పొడవు. ఇది చూసి బుజ్జి చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "చిన్న దోసెలో సగం, పెద్ద దోసెలో పావు ఒకటే అవ్వచ్చు" అంది. అవ్వచ్చు అంది, అవుతుంది అనలేదు. నాకు ఆ తేడా చాలా నచ్చింది.

రెండో వారం చివరికి 1/3, 1/4ల ప్రశ్న మళ్ళీ అడిగితే ఆరుగురూ సరిగ్గా చెప్పారు. పట్టీలు బల్ల మీదే ఉన్నాయి. మూడో వారం ఇక బొమ్మలు అనుకుని సోమవారం పట్టీలన్నీ బీరువాలో పెట్టేశాను. బోర్డు మీద 1/3, 1/4 రాసి ఏది పెద్దదని అడిగితే నలుగురు మళ్ళీ 1/4 అన్నారు. బుజ్జి కూడా.

నాకు ఆ రోజు టెన్షన్‌గానే ఉంది. రెండు వారాల పని ఏమైపోయింది? ఇంటికి వచ్చి నా నోట్సు తిరగేస్తే ఒక సంగతి కనబడింది. పట్టీలు ఎదురుగా ఉన్నప్పుడు పిల్లలు ఆలోచించడం లేదు, చూసి చెబుతున్నారు. పక్కపక్కన పెట్టి ఏది పొడవో చెప్పడానికి భిన్నం తెలియనక్కర్లేదు, కళ్ళుంటే చాలు. నేను ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఒక్కసారిగా దూకించాను. మధ్యలో పట్టీ మనసులో ఉండి చేతిలో లేని దశ ఒకటి కావాలి.

మరుసటి రోజు నుంచి పట్టీలు గుడ్డ సంచీలోకి వెళ్ళాయి. ప్రశ్న అడుగుతాను. ముందు జవాబు చెప్పాలి, కారణం చెప్పాలి, ఆ తర్వాతే సంచీలోంచి తీసి సరిచూసుకోవాలి. ఉదాహరణకి, "1/6 పెద్దదా, 1/4 పెద్దదా?" చిన్నా "సిక్స్" అనబోయి ఆగి, కళ్ళు మూసుకుని రెండు చేతులతో గాలిలో మడతలు పెట్టాడు. "ఆరు మడతలైతే చిన్న చిన్నవి వస్తాయి. పావే పెద్దది." తీసి చూశాడు. గాలిలో మడిచిన ఆ చేతులే నేను వెతుకుతున్న ఆనవాలు. పిల్లవాడు పట్టీని లోపలికి తీసుకున్నాడని దానివల్ల తెలుస్తుంది. జవాబు తప్పు వచ్చినా ఫరవాలేదు, ముందు చెప్పి తర్వాత చూడటం ముఖ్యం. తప్పు చెప్పిన రోజు వాళ్ళు పట్టీని మరింత శ్రద్ధగా చూస్తారు. నాలుగు రోజులు ఇలా చేశాం. నా మామూలు ప్రణాళికలో ఈ నాలుగు రోజులు లేవు.

బొమ్మలకి కూడా అచ్చు వర్క్‌షీట్లు ఇవ్వలేదు. పట్టీని నోటుపుస్తకం మీద పెట్టి చుట్టూ గీయాలి, మడత ఉన్నచోట చిన్న గుర్తు పెట్టాలి, పట్టీ తీసేసి గీత పూర్తి చేయాలి. ఇలా నాలుగైదు గీశాక పట్టీ లేకుండా గీయాలి. అప్పుడు వచ్చే తప్పులు ఏవేవో ముందే తెలుసుకుని ఉంటే మంచిది, ఎందుకంటే పైకి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఒక పాప నాలుగు భాగాలు చేయమంటే నాలుగు గీతలు గీసింది, అయిదు గదులు వచ్చాయి. ఆమె లెక్కపెట్టింది కోతల్ని, ముక్కల్ని కాదు. ఆమెకి పట్టీ ఇచ్చి ఎన్ని మడతలు, ఎన్ని ముక్కలు అని విడివిడిగా లెక్కపెట్టిస్తే సరిపోయింది. బుజ్జి తప్పు వేరు. బొమ్మ సరిగ్గా నాలుగు భాగాలు చేసింది, ఒకదానికి రంగు వేసింది, కింద 1/3 అని రాసింది. ఆమె రంగున్నదాన్ని రంగులేని వాటితో పోలుస్తోంది. ఒకటి నాకు, మూడు మిగతావాళ్ళకి. పంచుకునే ఆటలో అది సహజమైన చూపే, కానీ భిన్నం అది కాదు. నేను ఆమెతో రంగు వేసిన ముక్కని మళ్ళీ మొత్తం కింద లెక్కపెట్టించాను. "నువ్వు తిన్న ముక్క కూడా దోసెలోదే కదా బంగారం?" అంటే, "తినేశాను కదా మిస్, ఇంకెక్కడుంది?" అని అడిగింది. నిజమే. తినేదాన్ని ఉదాహరణగా వాడితే మొత్తం మాయమైపోతుంది. అప్పటి నుంచి ఆమెతో దోసె వదిలేసి మూర పొడవు రిబ్బను వాడాను. రిబ్బనులో కొంత ముడి వేసినా అది అక్కడే ఉంటుంది. ఆ తప్పు పోవడానికి వారం పట్టింది.

అంకెల గుర్తు రాసే దశకి వచ్చేసరికి మన భాషే నాకు సాయం చేసింది. తరగతిలో వాళ్ళు 3/4ని "త్రీ బై ఫోర్" అంటారు. చెవికి అవి రెండు వేరు వేరు అంకెలు. తెలుగులో మనం "నాలుగింట మూడు వంతులు" అంటాం. ముందు నాలుగు భాగాలు చేశాం, అందులో మూడు తీసుకున్నాం. చేసిన పని వరసే మాటలో ఉంది. కన్నడంలో కూడా "మూరనే ఒందు భాగ" అన్నప్పుడు మూడు ముందొస్తుంది, ఒకటి తర్వాత. మా పిల్లలకి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం రెండూ వస్తాయి కాబట్టి రెండు మాటలూ గోడ మీద రాశాం. ఆ తర్వాత రాసే పద్ధతి కూడా ఆ వరసకే మార్చాను. ముందు అడ్డగీత. గీత కింద ఎన్ని సమాన భాగాలు చేశామో ఆ అంకె. తర్వాత పైన ఎన్ని తీసుకున్నామో అది. కింద నుంచి పైకి. నోటితో "నాలుగింట" అంటూ కింద 4 రాయాలి, "మూడు" అంటూ పైన 3 రాయాలి. లవం, హారం అన్న పేర్లు ఆఖరి వారం దాకా చెప్పలేదు, వాటి అవసరం పడలేదు.

ఇంకో మెట్టు కూడా ఉంది. నేరుగా 3/4 రాయకుండా నాలుగు రోజులపాటు "3 పావులు" అని రాయించాను. ఒక పావు, రెండు పావులు, మూడు పావులు. పావు పట్టీల్ని ఒకదాని పక్కన ఒకటి పేరుస్తూ మామిడిపళ్ళు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టడం. ముప్పావు దగ్గరికి వచ్చేసరికి చిన్నా ఆగిపోయాడు. "మిస్, ముప్పావులో మూడు పావులున్నాయి!" వాళ్ళ నాన్న కూరగాయల దగ్గర ముప్పావు కిలో అనడం వాడు ఎన్నోసార్లు విన్నాడు, ఎప్పుడూ విడదీసి చూడలేదు. కన్నడంలో ముక్కాలు కూడా అలాంటిదేనని ఇంకో పాప చెప్పింది, కాలు అంటే పావు కదా అని. ఆ రోజు 3/4 అనే గుర్తు వాళ్ళకి రెండు అంకెలుగా కాక మూడు ముక్కలుగా కనిపించిందని నా నమ్మకం. 2/3కి మాత్రం మన మాటల్లో అలాంటి సాయం లేదు, "మూడింట రెండు" దగ్గర మళ్ళీ పట్టీలు తీయాల్సి వచ్చింది.

పరీక్ష ఎలా పెట్టాలన్నది నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. బొమ్మ ఇచ్చి భిన్నం రాయమంటే ఏమీ తెలియదు, లెక్కపెట్టి రాసేస్తారు. అందుకే వెనక్కి నడిపించాను. అంకె ఇచ్చి పట్టీ మడవమన్నాను. బొమ్మ ఇచ్చి దానికి తగ్గ కథ చెప్పమన్నాను. అన్నిటికంటే గట్టి ప్రశ్న, ముక్క ఇచ్చి మొత్తం అడగడం. 6 సెంటీమీటర్ల కాగితం ముక్క చేతికిచ్చి, "ఇది ఒక పట్టీలో 1/3. ఆ పట్టీ మొత్తం ఎంత పొడవుంటుందో గీసి చూపించు" అన్నాను. ఇంతకాలం ఆ పొడవు వాళ్ళకి పావుగా అలవాటు. అలవాటు చేతిలో పడితే నాలుగుసార్లు గీస్తారు. అర్థమై ఉంటే మూడుసార్లే గీసి ఆపుతారు. అయిదో వారం చివర్న నలుగురు మూడుసార్లు గీసి ఆపారు. బుజ్జి అందులో ఉంది. ఇద్దరు నాలుగుసార్లు గీశారు. వాళ్ళలో ఒకరిని "దేంట్లో?" అని అడిగితే తనే ఒకటి కొట్టేసింది. ఇంకో బాబుకి ఇప్పటికీ ఆ పొడవు పావే, వాడితో పని మిగిలి ఉంది.

మొదటి రోజు బొమ్మనీ మళ్ళీ ఇచ్చాను. అయిదుగురు 1/4 రాశారు. ఇద్దరు రాయడానికి ముందు ఎడమ సగంలో తామే ఒక గీత గీసి నాలుగు చేసుకున్నారు.

సరిగ్గా కుదరనిది వస్తువుల గుంపులో భిన్నం. 12 చింతగింజలిచ్చి 1/3 తీయమంటే నలుగురు మూడు గింజలు తీశారు. కింద 3 ఉంది కాబట్టి మూడు. పట్టీ ఒకటే వస్తువు, దాన్ని ముక్కలు చేయడం వాళ్ళకి వచ్చింది. పన్నెండు గింజల్ని కలిపి ఒక మొత్తంగా చూడటం వేరే పని. మూడు పళ్ళాల్లో సమానంగా పంచి, ఒక పళ్ళెంలో ఉన్నవి లెక్కపెట్టమంటే నాలుగు అని చెప్పగలిగారు. పళ్ళాలు తీసేస్తే మళ్ళీ మూడే తీశారు. పట్టీలకి సంచీతో చేసినట్టే దీనికీ ముందు చెప్పి తర్వాత పంచి చూసే రోజులు కావాలి. అయిదు వారాల్లో వాటికి చోటు లేకపోయింది. మళ్ళీ చేస్తే నేను సంచీని మూడో వారం దాకా ఆపను. మూడో రోజు పట్టీలు చేతికి వచ్చినప్పుడే మొదలుపెడతాను.

ఆఖరి రోజు పావు పట్టీలన్నీ బల్ల మీద కుప్ప పోసి, ఎవరికి ఎన్ని కావాలో తీసుకుని రాయమన్నాను. చిన్నా అయిదు తీశాడు. నాలుగు ఒక వరసలో పెట్టి, అయిదోది కొసన పెట్టాడు. "అయిదు పావులు" అని లెక్కపెట్టి, అడ్డగీత గీసి, కింద 4 రాసి, పైన 5 రాశాడు. రాసి, దాన్ని చూసి భయపడ్డాడు. "మిస్, పైది పెద్దదైంది. తప్పా?" బుజ్జి వాడి పట్టీల వంక చూసి, "ఒక ఫుల్లు, ఇంకో పావు" అంది. "మా అమ్మమ్మ ఒకటింపావు అంటుంది, పాలకి."